గ్లిజరిన్ గొంతులోకి దిగితే

చలికాలం వచ్చిందంటే మా అమ్మ గ్లిజరిన్‌లో పన్నీరు కలిపి మా చేతులకు, పెదవులకు రాసేది. ఒకసారి ఆవిడ చూడకుండా సీసాలోది సీసాలోనే తీసి, పగిలిన పెదవికి రాసుకున్నాను. భగ్గుమని మండింది. "నీళ్ళు కలపకుండా రాస్తే అది నీ ఒంట్లో తడే లాగేసుకుంటుందిరా" అంది అమ్మ. ఈఎన్‌టీ డాక్టరుగా ఇన్నేళ్ళు పనిచేశాక, మొన్న జనవరిలో మా మేనల్లుడి గొంతు చూస్తున్నప్పుడు ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది.

వాడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి మూడు వారాల సెలవు పెట్టి విజయవాడ వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి చేతిలో నీళ్ళ సీసా వదల్లేదు. రెండు మాటలకోసారి గొంతు సవరించుకుంటున్నాడు. రాత్రి అందరూ పడుకున్నాక పక్క గదిలోంచి ఖణ్ ఖణ్ మని పొడిదగ్గు. మా అక్క ఉండబట్టలేక, "ఒరేయ్, వాణ్ణి ఒకసారి నీ ఆస్పత్రికి తీసుకెళ్ళి చూడరా" అంది.

"సిరప్ తాగాను, ఆవిరి పట్టాను, బిళ్ళలు చప్పరించాను. పోవట్లేదు మామయ్యా" అన్నాడు వాడు. "సిగరెట్ మానేసి కూడా నాలుగేళ్ళయింది."

"మరి ఇప్పుడేం లాగుతున్నావు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. ఒక్కొక్కటీ ఎందుకు మార్చాడో కూడా చెప్పాడు. బీటెక్ రోజుల్లో హైదరాబాద్ హాస్టల్లో రోజుకు ఆరేడు సిగరెట్లు. పొద్దున్నే కళ్ళె పడుతోందని, నీళ్ళలోంచి వచ్చే పొగ కాస్త నయమని శనివారాలు హుక్కా. అమెరికా వెళ్ళాక అన్నీ మానేసి మామిడిపండు రుచి వేప్. అది గొంతులో గుచ్చుకుంటోందని నికోటిన్ సాల్ట్ ద్రవం. గొంతు ఎండిపోతోందని పుదీనా ఐస్. ఎవరో చెబితే గ్లిజరిన్ పాళ్ళు ఎక్కువున్న సీసా. తిరిగి వెళ్ళాక నికోటిన్ అసలే లేనిది కొనాలని అనుకుంటున్నాడు. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు హాయిగా ఉంటుందట. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళ సీసానే దిక్కు.

వేప్ మాత్రం వెంట తేలేదు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. ఎయిర్‌పోర్టులో గొడవెందుకని అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ వదిలేసి రావడమే తర్వాత మాకు పెద్ద ఆధారమైంది.

మర్నాడు ముక్కులోంచి సన్నని గొట్టం కెమెరా పంపి చూశాను. స్వరతంతువులు ఆరోగ్యంగా ఉంటే ముత్యపు చిప్ప లోపలి వైపులా తెల్లగా, తడితో మెరుస్తుంటాయి. వాడివి కాస్త ఎర్రబారి, మెరుపు తగ్గి ఉన్నాయి. రెండు తంతువుల మధ్య చిక్కటి శ్లేష్మం పాకం తీగలా సాగుతోంది. వాడు అస్తమానం గొంతు సవరించుకునేది ఆ తీగ కోసమే. సవరించిన ప్రతిసారీ తంతువులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి, ఆ దెబ్బకు ఇంకాస్త కందుతాయి, మళ్ళీ ఏదో అడ్డుపడినట్టే అనిపిస్తుంది. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇది వేప్ వల్ల వచ్చిన ఎరుపని కెమెరా చెప్పదు. కడుపులో యాసిడ్ పైకి తన్నినా దాదాపు ఇలాగే ఉంటుంది. తేల్చుకోవడానికి వేరే దారి కావాలి.

ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం. ఏ రుచైనా, ఏ కంపెనీదైనా, ద్రవంలో సింహభాగం రెండే పదార్థాలు. ఒకటి ప్రొపిలీన్ గ్లైకాల్, రెండోది మా అమ్మ సీసాలోని గ్లిజరిన్. నికోటిన్, రుచులు వీటిలో కరిగి ఉంటాయి. అడుగున ఉన్న లోహపు తీగ వేడెక్కి ద్రవాన్ని మరిగిస్తుంది. బయటికి వచ్చేదాన్ని ఆవిరి అంటాం కానీ అది ఇడ్లీ పాత్ర మీద లేచే ఆవిరి లాంటిది కాదు. అది నీటి ఆవిరి అయితే గొంతుకు తడి తగిలేది. ఇది కంటికి విడివిడిగా కనిపించనంత సన్నని గ్లిజరిన్, గ్లైకాల్ తుంపర.

ఈ రెండింటికీ నీళ్ళంటే మహా ఆకలి. గ్లిజరిన్ గిన్నెలో పోసి మూత లేకుండా వదిలేస్తే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొంతు లోపలి పొర మీద వాలితే ఆ పొర తడిని పీల్చుకుంటుంది. మా మేనల్లుడు రోజుకు సుమారు మూడు మిల్లీలీటర్ల ద్రవం లాగేవాడు. నెలకు తొంభై మిల్లీలీటర్లు, అంటే చిన్న కాఫీ గ్లాసు నిండా. అంత గ్లిజరిన్, గ్లైకాల్ తుంపరై గొంతు మీదుగా పోతుంటే అది ఎండిపోకుండా ఎలా ఉంటుంది?

వేప్ ఇంతగా వ్యాపించకముందే ఈ సంగతి తెలిసినవాళ్ళున్నారు. నాటకాల్లో, సినిమా షూటింగుల్లో పొగమంచు చూపించడానికి వాడే యంత్రాల్లో చాలావాటిలో పోసేది ఈ గ్లైకాల్ ద్రవమే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో అలాంటి చోట్ల పనిచేసేవాళ్ళను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించారు. గ్లైకాల్ పొగమంచులో గడిపినవాళ్ళలో కనిపించినవి దగ్గు, గొంతు పొడిబారడం. వాళ్ళు నికోటిన్ తాగలేదు, మామిడిపండు రుచీ లాగలేదు. ఆ గాలి పీల్చుకున్నారు, అంతే.

శ్వాసనాళం లోపలి గోడంతా సన్నని నూగు ఉంటుంది. పైరగాలికి వరిచేను ఊగినట్టు ఆ నూగు సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ, పైనున్న శ్లేష్మపు పొరను దుమ్ముతో సహా మెల్లగా గొంతు వైపు నెడుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం. ఈ ఏర్పాటు సాగాలంటే శ్లేష్మం పల్చగా ఉండాలి. తడి లాగేస్తే అది జిగురవుతుంది, నూగు దాన్ని కదల్చలేదు. అప్పుడు శరీరానికి మిగిలే మార్గం దగ్గే.

"రోజుకు నాలుగు లీటర్లు నీళ్ళు తాగుతున్నాను కదా" అన్నాడు వాడు. తాగిన నీళ్ళు అన్ననాళంలోకి పోతాయి, స్వరతంతువులను తాకవు. తాకితే పొరమారి ఉక్కిరిబిక్కిరి అవుతాం. ఒంట్లో నీరు తగినంత ఉంటే శ్లేష్మం పల్చబడే మాట నిజమే. అయితే ఒకవైపు నుంచి బొట్టు బొట్టుగా చేరే తడి, ఇంకోవైపు గంటకు ఇన్ని దమ్ములుగా పోతోంది.

ఎండటం ఒక ఎత్తు, ఘాటు ఇంకో ఎత్తు. ఆవపెట్టిన కూర తిన్నప్పుడు ముక్కు నషాళానికి ఎక్కే ఘాటు మనందరికీ తెలిసిందే. ఆ ఘాటును పట్టే గ్రాహకం ఒకటి మన నరాల చివర్లలో ఉంది. గొంతులో, శ్వాసనాళంలో దాని పని కాపలా. హాని చేసేది ఏదైనా తగిలితే దగ్గు పుట్టిస్తుంది. మూకుడులో నూనె మాడినప్పుడు కళ్ళు మండి దగ్గొస్తుందే, ఆ పొగలోని ఎక్రోలిన్ అనే పదార్థం పట్టేది సరిగ్గా ఈ గ్రాహకాన్నే. నూనె మాడినా, గ్లిజరిన్ మాడినా ఎక్రోలిన్ పుడుతుంది. వేప్ తీగ మామూలుగా రెండు వందల డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుంది. దూది తడిగా ఉన్నంతసేపు ఎక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి కొద్దిగానే పుడతాయి. ద్రవం అయిపోవస్తున్నా, గుక్క తిప్పుకోకుండా వరసగా లాగుతున్నా తీగ ఆరిపోయి వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడొచ్చే మాడు దమ్ము వేప్ వాడిన ప్రతివాడికీ తెలుసు. నికోటిన్ కూడా ఇదే గ్రాహకాన్ని తడుతుంది. దాల్చినచెక్క రుచికి వాడే పదార్థం మరీను.

మా వాడు మార్చుకుంటూ వచ్చినవి ఇప్పుడు వరసగా చూస్తే, ఎక్కడ మోసపోయాడో తెలుస్తుంది.

సిగరెట్ నుంచి వేప్‌కి మారినప్పుడు పొద్దుటి కళ్ళె తగ్గిన మాట నిజం. ఆకు కాలిన పొగలో ఉండే విషాలు వేప్ తుంపరలో చాలా తక్కువ. కాదనను. కానీ పొగ కంటే తక్కువ హాని చేసేది గొంతుకు పడుతుందని అనుకోవడంలోనే పొరపాటు ఉంది. కళ్ళెతో వచ్చే దగ్గు పోయి పొడిదగ్గు వచ్చింది, అంతే.

నికోటిన్ సాల్ట్ కథ వేరు. మామూలు నికోటిన్‌ది క్షార గుణం, సున్నంలాగా గొంతును గట్టిగా పట్టుకుంటుంది. దానికి బెంజోయిక్ ఆమ్లం కలిపితే ఆ కరకు తగ్గి మెత్తగా దిగుతుంది. గొంతుకు మంచిదేగా అనిపిస్తుంది. ఆ కరకు ఉన్నప్పుడు మనిషి గాఢమైన ద్రవం లాగలేడు. అది పోయాక మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు కూడా ఇట్టే దిగిపోతుంది. మా వాడు లాగింది అదే గాఢత. ఇక చెయ్యి వేప్‌ని వదిలితే ఒట్టు. అడ్డుచెప్పే మంట పోయింది, ఎండబెట్టే తుంపర మాత్రం ఇంకాస్త పెరిగింది.

పుదీనా ఐస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళంతా దాన్ని మందులా చెబుతారు. మెంథాల్ గొంతును చల్లబరచదు. చలిని కనిపెట్టే గ్రాహకాన్ని తట్టి, చల్లగా ఉందనే కబురు మెదడుకు పంపిస్తుంది. ఆ చల్లదనం కింద మంట, దగ్గు తెలియకుండా పోతాయి. ఎక్రోలిన్ లాంటి ఘాటు పదార్థాలు పీల్చిన ఎలుకల్లో కూడా మెంథాల్ కలిపితే ఆ చికాకు తగ్గినట్టు కనిపించింది. పీల్చిన ఘాటు మాత్రం ఏమీ తగ్గలేదు. కాపలావాడి నోరు నొక్కితే దొంగ రాలేదని కాదు. దగ్గుబిళ్ళలు చప్పరిస్తే కాసేపు బాగుండటం కూడా ఈ మెంథాల్ మహిమే.

గ్లిజరిన్ పాళ్ళు పెంచితే గొంతులో గుచ్చుకోవడం తగ్గుతుంది, ఎందుకంటే గుచ్చే గుణం గ్లైకాల్‌కి ఎక్కువ. కానీ గ్లిజరిన్ చిక్కటిది, మబ్బులా పెద్ద పొగ ఇస్తుంది. దాన్ని మరిగించడానికి వేడీ ఎక్కువ కావాలి. కొందరికి గ్లైకాల్ అసలు పడదు, వాళ్ళకు ఈ మార్పుతో నిజంగానే కొంత ఉపశమనం ఉంటుంది. ఎండటం మాత్రం ఎక్కడికీ పోదు.

హుక్కా సంగతీ చెప్పుకోవాలి. చిలుంలో పెట్టే ముద్ద పొగాకుతో పాటు బెల్లపు పాకం, గ్లిజరిన్, పండ్ల రుచి కలిపిందే. అంటే వేప్ సీసాలోని ముఖ్యమైన సరుకు ఇక్కడా ఉంది, పైగా దాని మీద నిప్పు కణిక కూర్చుంది. నీళ్ళు పొగను చల్లారుస్తాయి, కాస్త తడి చేస్తాయి. వడకట్టవు. బుడగలుగా నీళ్ళ మధ్య నుంచి జారిపోయే పొగలో చాలా భాగం నీటిని తాకనే తాకదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నీళ్ళలో నిలవదు. చల్లబడింది కాబట్టి గుండెల నిండా లాగుతారు, గంటసేపు కూర్చుంటారు. ఒక గంట కూర్చుంటే ఒక సిగరెట్ పొగకు నూరు నుంచి రెండు వందల రెట్ల పొగ లోపలికి పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లోనే లెక్క చెప్పారు. హుక్కా అయ్యాక తల దిమ్ముగా, వాంతి వచ్చేట్టు ఉంటే దాన్ని మత్తని అనుకోకండి, అది మోనాక్సైడ్ పని కావచ్చు.

తెలంగాణ అసెంబ్లీ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ చట్టం సవరించింది. పొగాకు లేని హెర్బల్ హుక్కా అయితే పరవాలేదని ఇప్పటికీ చాలామంది అంటారు. అందులో పొగాకు స్థానంలో చెరకు పిప్పి లాంటిదేదో ఉంటుంది. బొగ్గు అదే, పాకం అదే, గ్లిజరిన్ అదే. నికోటిన్ ఒక్కటి తీసేస్తే మిగిలిన పొగలో తారు, మోనాక్సైడ్ పొగాకు హుక్కాలో ఉన్నంతగానూ ఉంటాయి.

మళ్ళీ మా వాడి దగ్గరికి వద్దాం. విజయవాడలో పదో రోజుకల్లా నీళ్ళ సీసా టేబుల్ మీద మరిచిపోవడం మొదలుపెట్టాడు. వెళ్ళేనాటికి రాత్రి దగ్గు చాలావరకు తగ్గింది. "ఇక్కడి గాలి పడింది మామయ్యా, డల్లాస్‌లో హీటర్ గాలికి ఎండిపోతోంది" అన్నాడు. కొట్టిపారేయలేని మాటే. చలికాలంలో హీటర్ గది గాలి నిజంగానే గొంతును ఎండబెడుతుంది. వాదించకుండా ఒక నోట్‌బుక్ ఇచ్చాను. రోజూ మూడు సంగతులు రాయమన్నాను: ఎన్ని మిల్లీలీటర్లు లాగాడు, రాత్రి దగ్గుకు ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఆ రోజు ఆఫీసు మీటింగులో ఎన్నిసార్లు గొంతు సవరించుకున్నాడు.

వెళ్ళగానే అనుకున్నట్టే నికోటిన్ లేని మామిడి సీసా కొన్నాడు. నికోటిన్ లేకపోతే తృప్తి లేదు, అందుకని మూడు మిల్లీలీటర్లు కాస్తా ఐదయ్యాయి. నికోటిన్ తగ్గించినవాళ్ళు తెలియకుండానే ఎక్కువ దమ్ములు, పెద్ద దమ్ములు లాగుతారు. ఆరో రోజు నోట్‌బుక్‌లో దగ్గు మళ్ళీ కనిపించింది. మార్చి మొదటివారంలో ఫోన్ చేసి, "నికోటిన్ లేదుగా, మరి ఇదెందుకు మామయ్యా?" అని అడిగాడు.

అప్పుడు ఆ ఏర్పాటును తిరగేశాం. వేప్ పూర్తిగా ఆపి, అక్కడి డాక్టరుతో మాట్లాడి నికోటిన్ ప్యాచ్ మొదలుపెట్టాడు. భుజానికి అంటించుకునే పట్టీ అది. చర్మంలోంచి నికోటిన్ మెల్లగా రక్తంలోకి దిగుతుంది, గొంతును తాకదు. చూయింగ్ గమ్ కూడా ఉంది కానీ గబగబా నమిలితే గొంతు మండుతుంది. ఘాటు తగలగానే నమలడం ఆపి బుగ్గలో పెట్టుకోవాలి. ఎండిన గొంతుకు మొదట పట్టీయే నయమనిపించింది.

మొదటి వారం దగ్గు తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది కూడా. నేను ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారుపడలేదు. మానేశాక నూగు మళ్ళీ కదలడం మొదలుపెట్టి పేరుకున్నదంతా పైకి నెడుతుంది. చాలామంది ఈ వారంలోనే, మానేస్తే దగ్గు ఎక్కువైందని తిరిగి వేప్ అందుకుంటారు. రెండో వారం చివరికి రాత్రి మెలకువలు ఒకటి రెండుకు దిగాయి. మూడో వారంలో లేవు. గొంతు సవరించుకునే అలవాటు మాత్రం ఏడో వారం దాకా పీడించింది. గొంతులో ఏదో ఉందనిపించినప్పుడు సవరించకుండా ఒక గుక్క నీళ్ళు మింగమన్నాను, అది చాలా పనిచేసింది.

అదే ఊరు, అదే గది, మార్చి నెలలో డల్లాస్ చలికి అదే హీటర్. ఒంట్లో నికోటిన్ ఉంది, తుంపర లేదు, దగ్గు పోయింది. అంతకు ముందు నికోటిన్ లేదు, తుంపర ఉంది, దగ్గు వచ్చింది. కెమెరా చెప్పలేనిది ఆ నోట్‌బుక్ చెప్పింది.

ఇలా చూసుకోవాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. రోజుకు సగం తగ్గిస్తే లెక్క తేలదు, వారాంతంలో ఒక్క హుక్కా అన్నా తేలదు. అన్నీ ఒకేసారి, కనీసం నాలుగు వారాలు ఆపాలి. ఆపడం ఒంటరిగా కష్టమైతే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పొగాకు మానాలనుకునేవారి కోసం జాతీయ స్థాయిలో నడుస్తున్న సహాయకేంద్రం అది.

నాలుగు వారాలకూ తగ్గకపోతే నేరం వేప్ ఒక్కదానిదే కాదు. ఆస్తమా ఉండొచ్చు, ముక్కు వెనక నుంచి కారే చీమిడి కావచ్చు, యాసిడ్ కావచ్చు. నికోటిన్ అన్ననాళం అడుగున ఉన్న కవాటాన్ని వదులు చేస్తుంది కాబట్టి యాసిడ్, వేప్ ఒకే గొంతులో కలిసి కాపురం చేస్తుంటాయి. బీపీకి వాడే కొన్ని మాత్రలు కూడా పొడిదగ్గు తెస్తాయి. మన ఊళ్ళలోనైతే రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కళ్ళె పరీక్ష చేయించి టీబీ లేదని తేల్చుకోవాల్సిందే. వేప్ దగ్గేలే అనుకుని ఆ పరీక్ష వాయిదా వేసినవాళ్ళను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. దగ్గులో రక్తం, బరువు తగ్గడం, మూడు వారాలు దాటినా తగ్గని బొంగురు గొంతు ఉంటే నోట్‌బుక్కులు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఆయాసం, జ్వరం, ఛాతీ నొప్పి కలిసి వస్తే ఆ రాత్రికే ఆస్పత్రికి వెళ్ళాలి. వేప్ సంగతి అక్కడ దాచకూడదు. 2019లో అమెరికాలో వేప్ వాడినవాళ్ళ ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. ఎక్కువమంది వాడింది గంజాయి సారం, విటమిన్-ఇ ఎసిటేట్ కలిపిన ద్రవాలు. దగ్గు, ఆయాసం చూసి మొదట న్యుమోనియా అనుకున్న కేసులున్నాయి. ఏం లాగుతున్నారో అడిగితే, వాళ్ళు చెబితే తప్ప డాక్టరుకు తెలిసే దారి లేదు. మా వాడు కూడా మొదటి రోజు నాకు సిగరెట్ మానేశాననే చెప్పాడు.